విదేశంలో డాక్టరుకు ‘గ్యాస్’, ‘ఛాతీలో మంట’ ఎలా చెప్పాలి: సమగ్ర మార్గదర్శి

మన ఇళ్ళల్లో తేన్పులు వస్తే గ్యాస్ అంటాం. పొట్ట ఉబ్బితే గ్యాస్, ఛాతీలో మండితే గ్యాస్, వీపులో పట్టేసినా గ్యాసే. హైదరాబాదులోనో విజయవాడలోనో డాక్టరుకు ఈ మాట చెబితే ఇబ్బంది లేదు. ఆయనా అదే భాషలో పెరిగాడు కాబట్టి "మంటా, ఉబ్బరమా?" అని తనే విడదీసి అడుగుతాడు. అమెరికా డాక్టరు చెవికి మాత్రం ‘గ్యాస్’ అంటే కింది నుంచి గాలి పోవడం, లేదా పేగుల్లో గాలి చేరి నొప్పి రావడం. బ్రిటన్‌లో దాన్నే ‘విండ్’ అంటారు. ఛాతీలో మంటకో, గుండె మీద బరువుకో వాళ్ళు ఆ మాట వాడరు. అంటే "గ్యాస్ ట్రబుల్" అని ఇంగ్లీషులో చెప్పిన క్షణమే వాళ్ళ ఆలోచన ఛాతీ దగ్గర నుంచి పేగుల్లోకి దిగిపోతుంది.

దీనివల్ల పోయేది మర్యాద కాదు, సమయం. అక్కడి అత్యవసర విభాగంలో మొదట కనిపించేది ట్రయాజ్ నర్సు. ఎవరిని ముందు లోపలికి పంపాలో ఆమే నిర్ణయిస్తుంది. ఛాతీలో బాధ అని చెప్పిన రోగికి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు చూడాలని అక్కడి వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అమెరికాలో దాన్ని ఈకేజీ అని కూడా అంటారు. ఆ గడియారం మీరు వచ్చిన క్షణం నుంచే నడుస్తుంది, కానీ ఈసీజీకి తీసుకెళ్ళేది మీరు నర్సుతో చెప్పే మొదటి వాక్యాన్ని బట్టే. "చెస్ట్ ప్రెషర్" అంటే తీసుకెళ్తారు. "గ్యాస్" అంటే వెయిటింగ్ హాల్లో కుర్చీ చూపించవచ్చు.

అందుకే ఈ మార్గదర్శిలో అసలు పని అనువాదం కాదు. అనువాదానికి ముందే, తెలుగులోనే, ఆ ఒక్క మాటను విడగొట్టడం.

అన్నిటికన్నా ముందు: ఆగకూడని సందర్భం

ఛాతీలో బరువు, బిగుతు, పిండేసినట్టు ఉండటం, దానితోపాటు చల్లటి చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో రెండు చేతులకో దవడకో వీపుకో పాకడం, కళ్ళు చీకట్లు కమ్మడం: వీటిలో ఏది కనిపించినా ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి. అమెరికాలో, కెనడాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, యూరప్ దేశాల్లో 112. ఫోన్లో చెప్పాల్సింది ఒక్క వాక్యం: "మై ఫాదర్ హ్యాజ్ ప్రెషర్ ఇన్ హిజ్ చెస్ట్ అండ్ హి ఈజ్ స్వెటింగ్." తర్వాత వయసు, అడ్రసు. ఈనో కలిపి ఇచ్చి, తగ్గుతుందేమో అరగంట చూద్దాం అనుకోవద్దు. ఈనో తాగాక తేన్పు వచ్చి కొంచెం హాయిగా అనిపించినంత మాత్రాన అది గుండె కాదని తేలదు. మీరే కారు నడుపుకుంటూ తీసుకెళ్ళొద్దు, అంబులెన్సులోనే ఈసీజీ మొదలవుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో, ఆడవాళ్ళలో గుండెపోటు సినిమాలో చూపించినట్టు రాకపోవచ్చు. కడుపు పైభాగంలో మంట, వికారం, ఉన్నట్టుండి నీరసం, ఇంతే ఉండొచ్చు. వాళ్ళు దాన్ని "అరగలేదు" అనే చెబుతారు.

మొదటి అడుగు: ‘గ్యాస్’ అన్న మాట పక్కన పెట్టి అడగండి

అమ్మో నాన్నో "గ్యాస్ పట్టేసింది" అనగానే ఫోన్లో అనువాదం వెతకొద్దు. ముందు తెలుగులో ఒకే ప్రశ్న వేయండి: "గ్యాస్ అన్న మాట అనకుండా ఏమవుతుందో చెప్పు." కాసేపు తడబడతారు, తర్వాత అసలు మాట వస్తుంది. ఆ వచ్చిన మాటను బట్టి ఇంగ్లీషు మారుతుంది.

"మండుతోంది" అంటే "బర్నింగ్". అది రొమ్ము ఎముక వెనక మొదలై గొంతు వైపు పాకితే "హార్ట్‌బర్న్" అన్న మాట సరిపోతుంది. పేరులో హార్ట్ ఉన్నా అది గుండెకు సంబంధించింది కాదు, కడుపులోని ఆమ్లం ఆహారనాళంలోకి ఎగదన్నడం. దానినే "యాసిడ్ రిఫ్లక్స్" అంటారు. అయితే ముందుగా మీరే "షి హ్యాజ్ హార్ట్‌బర్న్" అని తేల్చి చెప్పొద్దు. అది రోగ నిర్ణయం, మీ పని కాదు. "బర్నింగ్ ఫీలింగ్ బిహైండ్ ద బ్రెస్ట్‌బోన్" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పేరు డాక్టరు పెడతాడు.

"పొట్ట రాయిలా ఉంది, ఉబ్బరంగా ఉంది" అంటే "బ్లోటింగ్". రెండు ముద్దలకే కడుపు నిండిపోతే "షి ఫీల్స్ ఫుల్ ఆఫ్టర్ ఎ ఫ్యూ బైట్స్". ఇది కొత్తగా వచ్చి తగ్గకుండా ఉంటే డాక్టరుకు ముఖ్యమైన సమాచారం, తప్పక చెప్పాలి.

"పులితేన్పులు" అంటే "సోర్ బర్ప్స్". ఉత్త తేన్పులైతే "బర్పింగ్" లేదా "బెల్చింగ్". "నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తున్నాయి" అంటే "సోర్ ఫ్లూయిడ్ కమ్స్ అప్ ఇన్‌టు మై మౌత్". కింది నుంచి గాలి ఎక్కువగా పోతుంటే, అప్పుడు మాత్రమే "పాసింగ్ ఎ లాట్ ఆఫ్ గ్యాస్". మన పెద్దలు సిగ్గుపడేది ఈ ఒక్కదానికే, వాళ్ళ డాక్టర్లకు మామూలుగా అర్థమయ్యేదీ ఈ ఒక్కటే.

ఇక "పట్టేసింది", "బరువుగా ఉంది", "నొక్కేస్తున్నట్టుంది", "బిగుసుకుపోయింది". వీటికి "టైట్‌నెస్", "ప్రెషర్", "హెవీనెస్". ఛాతీ విషయంలో ఈ మాటలు వస్తే వాటిని మెత్తబరచకండి. "కొంచెం అన్‌ఈజీగా ఉందంట" అని మీరు తగ్గించి చెబితే అక్కడ అంతే రాసుకుంటారు.

రెండో అడుగు: "నొప్పా?" అంటే "కాదు" అనే చిక్కు

దీని దగ్గర కాస్త ఆగాలి. డాక్టరు "డు యూ హ్యావ్ చెస్ట్ పెయిన్?" అని అడుగుతాడు. మీరు "ఛాతీలో నొప్పిగా ఉందా నాన్నా?" అంటారు. నాన్న "నొప్పి లేదురా, బరువుగా ఉంది" అంటాడు. మీరు హడావుడిలో మొదటి సగం మాత్రమే అందిస్తారు: "నో పెయిన్." కంప్యూటరులో "రోగికి ఛాతీ నొప్పి లేదు" అని నమోదవుతుంది. ఆ తర్వాత చూసే ప్రతి డాక్టరూ ఆ వాక్యమే చదువుతాడు.

మన మాటల్లో నొప్పి వేరు, మంట వేరు, బరువు వేరు, పోటు వేరు, సలపరం వేరు. మనిషి అబద్ధం చెప్పలేదు, తన భాషలో నిజమే చెప్పాడు. అక్కడి వైద్యశాస్త్రంలో మాత్రం "చెస్ట్ పెయిన్" అన్న పెట్టెలో ఛాతీలో ఒత్తిడి, బిగుతు, మంట కూడా పడతాయి. భుజం, చెయ్యి, మెడ, దవడ, వీపు, కడుపు పైభాగంలో వచ్చే ఇబ్బంది కూడా అందులోనే లెక్క. అమెరికా హృద్రోగ నిపుణుల 2021 మార్గదర్శకాల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది.

కాబట్టి డాక్టరు "పెయిన్" అంటే మీరు తెలుగులో "నొప్పి" అని కాకుండా "అక్కడ ఏ రకమైన ఇబ్బందైనా ఉందా? నొప్పి, మంట, బరువు, బిగుతు, ఏదైనా?" అని అడగండి. జవాబులో "కాదు" వచ్చినా దాని వెనక ఉన్నది కలిపే చెప్పండి: "నాట్ పెయిన్, బట్ ప్రెషర్." సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగే ప్రశ్నకూ ఇదే పద్ధతి. "మాకు ఆ లెక్కలు తెలీవు" అంటే, రాత్రి నిద్ర పట్టిందా, పని చేసుకోగలిగారా అని అడిగి "ఇట్ వోక్ హర్ అప్ ఫ్రమ్ స్లీప్" లాంటి వాక్యం చెప్పండి. అంకె కన్నా అది ఎక్కువ చెబుతుంది.

మూడో అడుగు: వేలితో చూపించమనండి

"కడుపు" అన్నా "స్టమక్" అన్నా మనం రొమ్ము కింది నుంచి తొడల పై వరకు అంతా కలిపేస్తాం. "గుండెల్లో" అన్నప్పుడు ఛాతీ మధ్యనా, ఎడమవైపా, కడుపు పైభాగమా అన్నది తెలియదు. చెయ్యి పెట్టి చూపించమంటే తేలిపోతుంది.

రొమ్ము ఎముక కింద, బొడ్డుకు పైన మధ్యలో అయితే "అప్పర్ బెల్లీ, జస్ట్ బిలో ద బ్రెస్ట్‌బోన్". కుడివైపు పక్కటెముకల కింద అయితే "అప్పర్ రైట్ సైడ్, అండర్ ద రిబ్స్". ఇది వేపుళ్ళు, బిర్యానీ తిన్నాక వచ్చి కుడి భుజం వెనక్కి పాకుతుంటే పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయేమో చూస్తారు. మనం దాన్నీ గ్యాస్ ఖాతాలోనే వేస్తుంటాం. ఛాతీ మీద ఒక్క వేలితో చుక్క పెట్టినట్టు చూపిస్తున్నారా, అరచేయి మొత్తం పెట్టి లేదా పిడికిలి బిగించి చూపిస్తున్నారా అన్నది కూడా గమనించండి. పిడికిలి పెట్టి చూపిస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి, దాని విలువ వాళ్ళకు తెలుసు.

నాలుగో అడుగు: ఎప్పుడు, ఏం చేస్తే

మంట రిఫ్లక్స్‌దా, గుండెదా అన్నది విడదీయడానికి డాక్టరుకు ఎక్కువగా పనికొచ్చేవి రెండు జవాబులు. పడుకుంటే, వంగితే ఎక్కువవుతుందా? నడిస్తే, మెట్లెక్కితే ఎక్కువవుతుందా? తిన్నాక పడుకుంటే వచ్చి లేచి కూర్చుంటే తగ్గేది ఒక దారి. నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గేది ఇంకో దారి, అది తీవ్రమైన దారి. ఇంగ్లీషులో "వర్స్ వెన్ లైయింగ్ డౌన్", "కమ్స్ ఆన్ వెన్ వాకింగ్, గోస్ అవే విత్ రెస్ట్". ఇవి పక్కా తీర్పులు కావు, కానీ ఏ పరీక్ష ముందు చేయాలో వీటిని బట్టే నడుస్తుంది.

"అప్పుడప్పుడు", "చాన్నాళ్ళ నుంచి" అన్న మాటలకు ఇంగ్లీషు వెతికే బదులు లెక్క రాబట్టండి. సంక్రాంతికి ముందా తర్వాతా, విమానం ఎక్కకముందు ఉందా, వారంలో ఎన్ని రాత్రులు. పండగలు, ప్రయాణాలు గుర్తుచేస్తే పెద్దలకు తేదీలు ఇట్టే గుర్తొస్తాయి.

ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

డాలస్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన 58 ఏళ్ళ అత్తయ్య. షుగర్ ఉంది. "గ్యాస్ ట్రబుల్ ఎక్కువైందమ్మా, రాత్రిళ్ళు గుండెల్లో మంట" అంటుంది. మర్నాడు అపాయింట్‌మెంట్. కోడలు ముందురోజు సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి అడిగింది.

"ఎక్కడ అత్తయ్యా? చేత్తో చూపించండి."

రొమ్ము ఎముక కింద అరచెయ్యి పెట్టి గొంతు దాకా పైకి జరిపింది.

"ఎప్పుడు ఎక్కువ?"

"అన్నం తిని పడుకున్నాక. లేచి కూచుంటే కాస్త సర్దుకుంటుంది. ఒక్కోసారి పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చి దగ్గొచ్చేస్తుంది."

"సాయంత్రం పార్కులో నడుస్తారుగా, అప్పుడు?"

"అప్పుడేం ఉండదు, హాయిగానే ఉంటుంది."

"ముద్ద దిగేటప్పుడు అడ్డం పడినట్టు ఉంటుందా? బరువేమైనా తగ్గారా?"

"లేదమ్మా, ఇక్కడికొచ్చాక ఇంకా పెరిగాను."

"దొడ్డికి నల్లగా ఏమైనా అవుతోందా?"

"ఛీ, అవన్నీ ఎందుకే!" అని నవ్వి, "లేదులే" అంది. ఈ ప్రశ్న కొడుకు అడిగి ఉంటే జవాబు వచ్చేది కాదు. అడిగేది ఎవరన్నదీ చూసుకోవాలి.

చివరగా మందుల డబ్బా బయటికి తీయించింది. షుగరుకు మెట్‌ఫార్మిన్, మంటకు అప్పుడప్పుడు ప్యాన్ 40, మోకాళ్ళ నొప్పికి అవసరమైనప్పుడల్లా డైక్లోఫెనాక్. ఆ మూడోది అత్తయ్య మందుగా లెక్కేయలేదు, "అది ఒట్టి నొప్పి మాత్ర" అంది. అలాంటి నొప్పి మాత్రలు కడుపు గోడను పుండు చేయగలవు. డాక్టరుకు కావాల్సిన ముఖ్యమైన సంగతి అదే కావచ్చు.

కోడలు కాగితం మీద రాసుకున్నది ఇది:

"మై మదర్-ఇన్-లా ఈజ్ ఫిఫ్టీ-ఎయిట్ అండ్ హ్యాజ్ డయాబెటిస్. ఫర్ త్రీ వీక్స్ షి హ్యాజ్ హ్యాడ్ ఎ బర్నింగ్ ఫీలింగ్ దట్ స్టార్ట్స్ బిలో ద బ్రెస్ట్‌బోన్ అండ్ మూవ్స్ అప్ టు ద థ్రోట్. ఇట్ కమ్స్ ఆఫ్టర్ డిన్నర్ వెన్ షి లైస్ డౌన్, త్రీ ఆర్ ఫోర్ నైట్స్ ఎ వీక్. సిట్టింగ్ అప్ హెల్ప్స్. సోర్ ఫ్లూయిడ్ కమ్స్ అప్ అండ్ మేక్స్ హర్ కాఫ్. ఇట్ డజ్ నాట్ కమ్ వెన్ షి వాక్స్. నో ట్రబుల్ స్వాలోయింగ్, నో వెయిట్ లాస్, నో బ్లాక్ స్టూల్స్. షి టేక్స్ మెట్‌ఫార్మిన్, పాంటోప్రజోల్ సమ్‌టైమ్స్, అండ్ డైక్లోఫెనాక్ ఫర్ నీ పెయిన్."

ఇందులో "గ్యాస్" లేదు, "ఎసిడిటీ" లేదు. లేని లక్షణాలు కూడా రాసుకోవడం వల్ల డాక్టరు వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా అడగక్కర్లేదు. అత్తయ్యకు షుగర్ ఉంది కాబట్టి ఇంత రాసినా ఆయన ఈసీజీ తీయిస్తానంటే కాదనకండి. దక్షిణాసియా మూలాలున్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని అమెరికా మార్గదర్శకాలు కూడా గుర్తిస్తాయి.

ఇదే సంభాషణలో ఒక్క జవాబు మార్చి చూడండి. పార్కులో నడిచినప్పుడు కూడా మంట వచ్చి, బెంచీ మీద కూర్చుంటే తగ్గుతోంది అని అత్తయ్య అని ఉంటే? మంట అదే, మనిషీ అదే, కానీ మర్నాటి అపాయింట్‌మెంట్ దాకా ఆగడం తప్పు అవుతుంది. ఆ రాత్రే డాక్టరుకు ఫోన్ చేయాలి. కూర్చున్నా తగ్గకపోతే 911.

ఇదే వరసలో దొర్లే ఇంకొన్ని మాటలు

"మోషన్స్ అవుతున్నాయి" అంటే అక్కడ అర్థం కాదు, "మోషన్" అంటే వాళ్ళకు కదలిక. "డయేరియా", లేదా "వాటరీ స్టూల్స్, సిక్స్ టైమ్స్ సిన్స్ మార్నింగ్". "మోషన్ ఫ్రీగా అవ్వట్లేదు" అంటే "కాన్‌స్టిపేషన్", ఎన్ని రోజులకోసారి అవుతుందో కలిపి. "షుగర్ ఉంది" అంటే "డయాబెటిస్". "బీపీ ఉంది" అంటే "హై బ్లడ్ ప్రెషర్".

"కళ్ళు తిరుగుతున్నాయి" దగ్గర జాగ్రత్త. గది గిర్రున తిరుగుతోందా, పడిపోయేలా చీకట్లు కమ్ముతున్నాయా అని అడగండి. మొదటిదానికి "ద రూమ్ ఈజ్ స్పిన్నింగ్", రెండోదానికి "షి ఫీల్స్ లైక్ షి విల్ ఫెయింట్". రెండింటికీ చేసే పరీక్షలు వేరు.

"వేడి చేసింది" అన్నదాన్ని అనువదించే ప్రయత్నమే వద్దు. ఆ మాట వెనక మూత్రంలో మంట ఉందా, నోటిపూత ఉందా, కళ్ళు మండుతున్నాయా, ఏది ఉంటే అది చెప్పండి.

మందుల పేర్లు

ప్యాన్ 40, ఒమెజ్, ఎకోస్ప్రిన్ అంటే అక్కడ ఎవరికీ తెలియదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు కావాలి: పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, యాస్పిరిన్. డోలో 650 అంటే పారాసెటమాల్, అమెరికాలో దాని పేరు అసెటమినోఫెన్. తేలికైన దారి, స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడం, లేదా వెనకవైపు ఫోటో తీసుకోవడం.

ప్యాన్-డి వాడేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. అందులోని డాంపెరిడోన్‌కు అమెరికాలో అనుమతి లేదు కాబట్టి అక్కడి ఫార్మసీలో అది మామూలుగా దొరకదు. రానిటిడిన్‌ను కూడా 2020 ఏప్రిల్‌లో అక్కడి మార్కెట్ నుంచి తీసేయించారు. "మా ఊళ్ళో రాన్‌టాక్ వేసుకుంటే తగ్గేది" అంటే డాక్టరు వేరే మందు రాయవచ్చు. ఈనో, జెలుసిల్ కూడా చెప్పాల్సినవే. ఈనోలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగుతుంటే డాక్టరుకు తెలియాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు విరేచనం నల్లగా రావచ్చు. ఆ మాత్రల సంగతి చెప్పకుండా "బ్లాక్ స్టూల్స్" అంటే కడుపులో రక్తం పోతోందని కంగారు పడతారు. ఐరన్ వాడకుండానే తారులా నల్లగా, జిగురుగా వస్తుంటే మాత్రం ఆ కంగారు సరైనదే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీరు చెప్పలేనప్పుడు

అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, అంటే దాదాపు అన్నీ, ఉచితంగా అనువాదకుణ్ణి ఇవ్వాలి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అంటే చాలు, ఎక్కువగా ఫోన్లోనో వీడియోలోనో కలుపుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగితే ఇంకా మంచిది. తెలుగు అని నొక్కి చెప్పండి, లేకపోతే హిందీ మనిషిని కలిపే వీలుంది. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ కూడా అనువాదకుణ్ణి ఏర్పాటు చేస్తుంది. ఆస్ట్రేలియాలో దీనికి టీఐఎస్ నేషనల్ ఉంది, నంబరు 131 450. పదేళ్ళ మనవడితో చెప్పించొద్దు. వాడికి ఇంగ్లీషు బాగానే వచ్చు, నానమ్మ చెప్పే "పట్టేసింది" ఏమిటో తెలియదు.

అనువాదకుడు వచ్చినా పై అడుగులు మానకండి. పెద్దాయన "గ్యాస్" అంటే ఆయనా "గ్యాస్" అనే చెబుతాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆయన పని. చిన్న చిన్న వాక్యాల్లో, "మంట, ఇక్కడ, పడుకుంటే" అని చెప్పడం ముందురోజే అలవాటు చేయండి. గదిలోంచి బయటికి వచ్చేముందు డాక్టరును ఒకటి అడగండి: "కెన్ యూ టెల్ మీ వాట్ యూ అండర్‌స్టుడ్?" ఆయన చెప్పే జవాబులో మంట, బరువు, నడక వీటిలో ఏదైనా మాయమైతే అక్కడికక్కడే సరిచేయించి, ఆ సవరణ రికార్డులో కూడా ఎక్కించమనండి.